రంగు మారొచ్చు, నుదురు మారకూడదు

సెలూన్‌లో రంగు వేయించుకునే ముందు, పెళ్లికి కొత్త హెయిర్‌స్టైల్ ఖాయం చేసుకునే ముందు, సినిమాలో పాత్రకు లుక్ తేల్చుకునే ముందు ఇప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. ఉన్న ఫొటోలోనే జుట్టు మార్చి చూసుకుంటారు. నల్లటి జుట్టు గోధుమ రంగైతే ఎలా ఉంటుంది, సాఫుగా ఉన్నది అలలు తిరిగితే ముఖానికి నప్పుతుందా అని. ఫొటో ఎడిటర్ ఒక పూట కూర్చుని మార్చి ఇస్తాడు. రంగు బాగుంటుంది, అలలూ బాగుంటాయి. కానీ ఇంట్లో వాళ్లు చూడగానే ‘బాగుంది గానీ, మన పిల్లలా లేదు’ అంటారు. ఎక్కడ తేడా వచ్చిందో మాత్రం చెప్పలేరు.

ఆ తేడా చాలాసార్లు జుట్టులో ఉండదు. జుట్టు ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఉంటుంది. నుదుటి మీద అంచు ఓ అర సెంటీమీటరు కిందికో పైకో జరిగి ఉంటుంది. కణతల దగ్గర లోపలికి వెళ్లిన వంపు పూడిపోయి ఉంటుంది. లేదంటే జుట్టు ఒత్తుగా కనిపించాలని ఉబ్బించినప్పుడు దానితోపాటు తల కూడా పెరిగి ఉంటుంది. మనిషిని గుర్తుపట్టడానికి కళ్లు, ముక్కు, పెదాలతోపాటు ముఖానికి చుట్టూ ఉన్న ఆ చట్రం కూడా కావాలి. చట్రం మారితే ముఖంలో ఒక్క గీత కదలకపోయినా కొత్త మనిషిలా అనిపిస్తుంది.

అందుకే ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు రంగు పెట్టె తెరవడానికి ముందు ఒక హద్దు గీసుకుంటారు. కుదుళ్లు తలలో ఏ చోట ఉన్నాయి, అవి ఏ వైపుకు తిరిగి ఉన్నాయి, వాటి కింద ఎముక ఎలా ఉంది, ఈ మూడూ మనిషివి. వాటిని ముట్టుకోకూడదు. కుదురు దాటి బయటికి వచ్చిన వెంట్రుక రంగు, మెలిక, మెరుపు, పొడవు మాత్రం మన ఇష్టం. సెలూన్‌లో కూడా మార్చగలిగేది ఈ రెండో వాటానే కదా. ఫొటోలోనూ అంతవరకే మారిస్తే, చూసుకున్నది రేపు నిజంగా జరిగేదానికి దగ్గరగా ఉంటుంది.

ముందు కొలతలు

ఒక చిత్రాన్ని తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేసి చూద్దాం. ముప్పై ఐదేళ్ల స్త్రీ. నల్లటి, సాఫు జుట్టు, నడి పాపిట, పాపిట మొదట్లో కొద్దిగా కుంకుమ. ఎడమవైపు కిటికీ నుంచి వెలుతురు పడుతోంది. కెమెరా ఆమె కళ్ల ఎత్తులోనే ఉంది. చెవులు సగం కనిపిస్తున్నాయి. ఆమెకు కావలసింది ముదురు గోధుమ రంగు, చెవుల కింది నుంచి వదులుగా అలలు.

మొదటి పని కొలవడం. ఫొటో మీద ఒక ఖాళీ లేయర్ వేసి, దాని మీద కొన్ని చుక్కలు పెడతాం. గడ్డం చివర, ముక్కు అడుగు, కనుబొమ్మల మధ్య, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు, రెండు కణతలు, చెవుల పైఅంచులు. మన చిత్రంలో గడ్డం నుంచి ముక్కు అడుగుకు 640 పిక్సెళ్లు, అక్కడి నుంచి కనుబొమ్మలకు 660, కనుబొమ్మల నుంచి జుట్టు అంచుకు 580 వచ్చాయి అనుకుందాం. బొమ్మలు గీయడం నేర్పే పుస్తకాలు ఈ మూడు భాగాలూ సమానంగా ఉండాలంటాయి. ఆమెకు నుదురు కొంచెం పొట్టి. కుడి కణత దగ్గర అంచు ఎడమ కంటే కాస్త లోపలికి వెళ్లి ఉంది. ఈ రెండూ ఆమె గుర్తులు. వాటిని పుస్తకం లెక్కకు సరిచేస్తే ముఖం ‘అందంగా’ మారుతుంది గానీ ఆమెది కాకుండా పోతుంది.

తర్వాత తల ఎత్తు. జుట్టు కింద పుర్రె ఎక్కడ ముగుస్తుందో ఫొటోలో కనబడదు. కానీ దాన్ని అంచనా వేయడానికి చిత్రకారులు ఎప్పటినుంచో వాడే సూత్రం ఉంది. పెద్దవాళ్ల తలలో కళ్లు సుమారుగా నట్టనడుమ ఉంటాయి. గడ్డం నుంచి కళ్లకు ఎంత దూరమో, కళ్ల నుంచి నడినెత్తికి దాదాపు అంతే. మన చిత్రంలో గడ్డం నుంచి కళ్ల గీతకు 1100 పిక్సెళ్లు. అంటే పుర్రె పైభాగం గడ్డానికి 2200 పిక్సెళ్ల ఎత్తులో ఉండాలి. ఫొటోలో జుట్టు పైఅంచు 2290 దగ్గర ఉంది. మధ్యలోని 90 పిక్సెళ్లు జుట్టు మందం. గడ్డం నుంచి నడినెత్తి దాకా తల 22 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరులో పదో వంతు. అంటే ఆ మందం 9 మిల్లీమీటర్లు. దువ్వుకున్న సాఫు జుట్టుకు ఇది సబబైన సంఖ్యే. ఇక్కడ 300 పిక్సెళ్లు వచ్చి ఉంటే కొలత ఎక్కడో తప్పినట్టు, లేదా కెమెరా పైనుంచో కిందనుంచో చూస్తున్నట్టు. సెల్ఫీల్లో ఈ సూత్రం తరచుగా చెడిపోయేది అందుకే.

ఈ అంచనా కంటే గట్టి ఆధారం చాలా తెలుగు ఇళ్లలో ఆల్బమ్‌లోనే దొరుకుతుంది. అది తిరుపతి గుండు ఫొటో. మొక్కు తీర్చుకుని వచ్చాక తీయించుకున్న ఫొటోలో తల ఆకారం, వెనక బుర్ర ఎంత ఉబ్బు, జుట్టు పెరగని చోటుకూ పెరిగే చోటుకూ మధ్య తేలికపాటి నీలినీడ, అన్నీ బయటికి కనిపిస్తాయి. పెద్దయ్యాక తీసిందై ఉండాలి. పసితనం గుండు పనికిరాదు, ఎందుకంటే చిన్నపిల్లల తలలో ముఖం వాటా తక్కువ, నుదురు వాటా ఎక్కువ.

నలుపు మీద రంగు ఎందుకు పట్టదు

కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే మొదటి ప్రయత్నం ఒకటే. జుట్టు మీద కొత్త లేయర్, దానికి గోధుమ రంగు, లేయర్ పద్ధతిని `Color` అని పెట్టడం. ఈ పద్ధతి కింది బొమ్మలోని వెలుగునీడలను అలాగే ఉంచి రంగును మాత్రం మారుస్తుంది. చీర రంగు మార్చడానికి చక్కగా పనిచేస్తుంది. నల్లజుట్టు మీద మాత్రం ఏమీ జరిగినట్టే ఉండదు. కారణం సులువు. ఫొటోలో వెలుగును 0 నుంచి 255 వరకు కొలుస్తారు. నల్లజుట్టులో నీడలు 10 దగ్గర, మామూలు భాగం 30 దగ్గర ఉంటాయి. అంత చీకట్లో ఏ రంగూ కనబడదు. రంగుకు ముందు వెలుతురు కావాలి.

సెలూన్‌లోనూ ఇదే సంగతి. నల్లజుట్టు మీద లేత రంగు నేరుగా పట్టదు. ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో లోపలి మెలనిన్‌ను కొంత కరిగించి జుట్టును తేటపరచాలి. అలా తేటపరిచేటప్పుడు నల్లజుట్టు లోపలి నుంచి ముందు ఎరుపు, తర్వాత నారింజ, చివరికి పసుపు ఛాయలు బయటపడతాయి. అందుకే నల్లజుట్టును తేటపరిచి తెచ్చిన గోధుమ రంగులో ఎప్పుడూ కొంచెం వెచ్చదనం ఉంటుంది. బూడిదఛాయ గోధుమ రంగు వేసి చూపిస్తే తెర మీద బాగుంటుంది గానీ, ఆ ఛాయ రావడానికి సెలూన్‌లో ఎక్కువ తేటపరిచి, పైన టోనర్ వేయాలి. ఫొటో చూసి వెళ్లినవాళ్లకు ఆ సంగతి కుర్చీలో కూర్చున్నాక తెలుస్తుంది.

కాబట్టి ముందు `Curves` తో జుట్టు మధ్య భాగాన్ని 30 నుంచి 65 దాకా లేపుతాం. నీడలను మాత్రం 15 దాటనివ్వం. అవి కూడా లేచిపోతే జుట్టు పొడిబారినట్టు, పొగ కమ్మినట్టు కనిపిస్తుంది. మెరుపులు మొదట ఉన్నంతే ఉండాలి. ఆ తర్వాతే `Color` లేయర్. ఎరుపు 92, ఆకుపచ్చ 60, నీలం 42 కలిపితే వచ్చే వెచ్చటి ముదురు గోధుమ రంగు దీనికి సరిపోతుంది. మొత్తం ఒకే రంగు పూయకుండా కుదుళ్ల దగ్గర కాస్త ముదురు, చివర్లకు కాస్త తేట ఉంచితే నిజం జుట్టుకు దగ్గరవుతుంది.

ఇక్కడే ఒక పరిమితి ఎదురవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయితే నల్లటి భాగంలో వెంట్రుకల వివరం దాదాపు మిగలదు. జేపెగ్ కుదింపు బొమ్మను 8 పిక్సెళ్ల చదరపు గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలోని సన్నటి వివరాన్ని తగ్గిస్తుంది. చీకట్లో దాక్కున్న ఆ గళ్లు వెలుతురు పెంచగానే బయటికొస్తాయి. అప్పుడు జుట్టులో పోగులకు బదులు మచ్చలు కనిపిస్తాయి. అందుకే కెమెరా నుంచి వచ్చిన రా ఫైల్ కావాలని, లేకపోతే కనీసం అసలు ఫైల్‌నైనా పంపమని ఎడిటర్లు పట్టుబడతారు. వెలుతురు లేపేది కూడా 16 బిట్ పద్ధతిలో చేస్తారు. 8 బిట్‌లో నల్లజుట్టు మొత్తానికీ ముప్పై, నలభై మెట్లు కూడా ఉండవు. వాటిని సాగదీస్తే మెట్ల మధ్య సందులు చారలుగా తేలతాయి.

రెండు మెరుపులు

రంగు పట్టిన తర్వాత కూడా జుట్టు విగ్గులా ఉందంటే తప్పు చాలావరకు మెరుపులో ఉంటుంది. దీని వెనక ఉన్న శాస్త్రాన్ని 2003లో స్టీఫెన్ మార్ష్‌నర్, ఆయన సహచరులు కంప్యూటర్ గ్రాఫిక్స్ కోసం రాసిన పరిశోధన పత్రంలో వివరించారు. యానిమేషన్ సినిమాల్లో జుట్టును చూపించే పద్ధతులకు అది పునాది అయింది. దాని సారాంశం ఇది. వెంట్రుక మీద పడ్డ వెలుతురులో కొంత పైపొర మీంచే తిరిగొస్తుంది. అది వెంట్రుక లోపలికి వెళ్లలేదు కాబట్టి దానికి జుట్టు రంగు అంటదు. దీపం తెల్లదైతే ఆ మెరుపూ తెల్లదే. మిగిలిన వెలుతురు లోపలికి దూరుతుంది. అందులో ఒక వాటా అవతలి గోడకు తగిలి మళ్లీ బయటికొస్తుంది. దారిలో మెలనిన్ గుండా రెండుసార్లు నడిచింది కాబట్టి అది జుట్టు రంగును పులుముకుని వస్తుంది. వెంట్రుక పైపొర పొలుసులు సుమారు 3 డిగ్రీలు వాలి ఉండటంతో ఈ రెండు మెరుపులూ ఒకేచోట పడవు, కొద్దిగా ఎడంగా పడతాయి.

నల్లజుట్టులో లోపలికి వెళ్లిన వెలుతురు అక్కడే ఇంకిపోతుంది. అందుకే నల్లజుట్టు మీద మనకు కనిపించేది ఒకే ఒక తెల్లటి పట్టీ. గోధుమ రంగు జుట్టులో రెండో మెరుపూ బతికి బయటపడుతుంది. అంటే నలుపును గోధుమగా మార్చేటప్పుడు ఉన్న తెల్లపట్టీకి రంగు పూయకూడదు. దాని పక్కనే, దానికంటే వెడల్పుగా, మెత్తగా, రాగిఛాయలో మరో మెరుపును కొత్తగా కలపాలి. చాలా ఫొటోల్లో జరిగేది దీనికి తలకిందులు. తెల్లపట్టీ గోధుమ రంగైపోతుంది, రెండోది అసలు ఉండదు. జుట్టు మొత్తం ప్లాస్టిక్ తొడుగులా తయారవుతుంది.

మన చిత్రంలో అందుకు రెండు పనులు చేస్తాం. `Color` లేయర్ మాస్క్ మీద తెల్లపట్టీ ఉన్నచోట నల్లరంగుతో తేలికగా రుద్ది, రంగును మూడింట రెండు వంతులు తగ్గిస్తాం. తర్వాత `Soft Light` పద్ధతిలో ఇంకో లేయర్ వేసి, పట్టీ పక్కన పెద్ద మెత్తటి బ్రష్‌తో రాగిఛాయను ఒకటి రెండు సార్లు తాకిస్తాం. కిటికీ ఎడమవైపు ఉంది కాబట్టి ఎడమ భాగంలో ఎక్కువ, కుడివైపు కాస్త.

అంచు దగ్గర ఓపిక

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వచ్చాం. నుదుటి మీద జుట్టు మొదలయ్యేది గీతలా ఉండదు. అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వరకు వెడల్పున్న పట్టీ అది. అందులో ముందు సన్నటి, పొట్టి, పలచటి వెంట్రుకలు, వాటి వెనక కాస్త ఒత్తుగా, ఆ వెనక పూర్తి జుట్టు. జుట్టు నాటే సర్జన్లు కూడా ముందు వరుసల్లో ఒక్కో వెంట్రుకగా, వంకరటింకరగా నాటుతారు. సూటిగా నాటితే బొమ్మకు అతికించినట్టు ఉంటుందని వాళ్లకు తెలుసు.

పైగా వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. మన చిత్రంలో పిక్సెల్ వెడల్పే మిల్లీమీటరులో పదో వంతు. అంటే అంచులోని ఒక్కో పిక్సెల్‌లో కొంత వెంట్రుక, కొంత చర్మం కలిసే ఉంటాయి. అలాంటి పిక్సెల్‌ను ‘ఇది జుట్టు’ అని పూర్తిగా ఎంచుకుంటే నుదురంతా గోధుమ మరక పడుతుంది. హెయిర్ డై వేసుకున్నప్పుడు చర్మానికి అంటిన మరకలానే. ‘ఇది చర్మం’ అని పూర్తిగా వదిలేస్తే గోధుమ జుట్టుకు చుట్టూ నల్లటి అంచు మిగులుతుంది. ఆ రెండూ చూడగానే పట్టుబడే లోపాలు. అందుకే అంచులో మాస్క్ పూర్తి తెలుపూ కాకూడదు, పూర్తి నలుపూ కాకూడదు. బూడిదఛాయల్లో ఉండాలి.

ఆ బూడిద ఛాయలను చేత్తో గీయనక్కరలేదు, ఫొటోలోనే ఉన్నాయి. మన చర్మంలో ఎరుపు వాటా ఎక్కువ, నల్లజుట్టులో ఏ రంగూ లేదు. కాబట్టి `Channels` లో ఎరుపు ఛానెల్‌ను తెరిస్తే నుదురు తెల్లగా, వెంట్రుకలు నల్లగా విడివిడిగా కనిపిస్తాయి. దాని నకలు తీసి, తిరగేసి, `Levels` తో తేడాను కాస్త పెంచితే అదే మాస్క్. ఒక్కో ముంగురీ దాని మందానికి తగ్గట్టు అందులో ఉంటుంది. కనుబొమ్మలు, కళ్లు, బొట్టు, ముదురు నీడలు కూడా అందులో చేరతాయి. వాటిని బ్రష్‌తో తీసేయాలి. పాపిటలో చర్మం, కుంకుమ మాస్క్ బయట ఉండాలి. కుంకుమ గోధుమగా మారిపోయిన ఫొటోను ఆమె కంటే ముందు ఆమె అత్తగారు పట్టుకుంటారు.

అంచు పట్టీలో రంగును కూడా పూర్తిగా వేయనక్కరలేదు. ఆ సన్నటి వెంట్రుకలు సెలూన్‌లోనూ సమానంగా తేటపడవు. సగం రంగుతో వదిలేస్తే చాలు.

అలలు ఎక్కడ మొదలవుతాయి

రంగు మారినప్పుడు పిక్సెళ్లు తమ చోట్లోనే ఉంటాయి. మెలిక మార్చాలంటే వాటిని కదపాలి. నుదురు, తల దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

జుట్టు సాఫుగా ఉందా, అలలా, ఉంగరాలా అన్నది కుదురు ఆకారాన్ని బట్టి వస్తుంది. అయినా సాఫు జుట్టుగానీ వదులు అలల జుట్టుగానీ సాధారణంగా చర్మం దగ్గరే అలగా మొదలవదు. మొదటి ఒకటి రెండు సెంటీమీటర్లు కుదురు ఏ వైపుకు తిరిగి ఉందో ఆ వైపుకే వెళ్తాయి. నుదుటి మీద వెనక్కో పక్కకో, కణతల మీద కిందికో వెనక్కో, నడినెత్తి వెనక సుడి చుట్టూ. సెలూన్‌లో కర్లింగ్ రాడ్‌తో తిప్పినా కుదుళ్ల దిశ మారదు. కాబట్టి ఫొటోలోనూ అంచు నుంచి కనీసం ఒకటిన్నర సెంటీమీటరు, అంటే మన లెక్కలో 150 పిక్సెళ్లు, కదలని ప్రాంతం. మన చిత్రంలో ఆమె కోరింది చెవుల కింది నుంచి అలలు. అప్పుడు తల పైభాగాన్ని అసలు ముట్టుకోనక్కరలేదు. 90 పిక్సెళ్ల మందం అలాగే ఉంటుంది.

ఫొటోషాప్‌లో ఈ పనికి `Liquify` ఉంది. అందులో `Freeze Mask Tool` తో ముఖం, నుదురు, చెవులు, మెడ, కదలని ప్రాంతం అన్నింటి మీదా పూత పూస్తే అవి స్తంభించిపోతాయి. ఉచితంగా దొరికే గింప్‌లో `Warp Transform` అదే పని చేస్తుంది. అక్కడ ముందుగా జుట్టును మాత్రమే సెలెక్ట్ చేసుకోవాలి. పెద్ద బ్రష్‌తో పాయను ఒకసారి ఎడమకు, కాస్త కింద కుడికి, మళ్లీ ఎడమకు నెడతాం. రెండు వైపులా అలలు ఒకే ఎత్తులో రాకూడదు. అల తిరిగినప్పుడు పొడవు కుదించుకుపోతుంది, కాబట్టి చివర్లను కాస్త పైకి తేవాలి. జుట్టు భుజం కింద 12 సెంటీమీటర్లు ఉంటే వదులు అలలతో అది కొన్ని సెంటీమీటర్లు పైకి రావడం సహజం. అలాగే ఉంచితే అలలు పెరిగినా పొడవు తగ్గలేదేమిటని కన్ను అనుమానిస్తుంది.

ఆకారం వంగినంతమాత్రాన పని అయిపోదు. సాఫు జుట్టులో మెరుపు ఒకే పట్టీగా అడ్డంగా సాగుతుంది, ఎందుకంటే పక్కపక్క వెంట్రుకలన్నీ ఒకే కోణంలో వంగుతాయి. అలలు తిరిగిన జుట్టులో ఒక్కో అల దాని కోణంలో వెలుతురును పట్టుకుంటుంది. అంటే చెవుల కింద ఉన్న పట్టీ తునకలు కావాలి. కిటికీ వైపు తిరిగిన ప్రతి ఉబ్బు మీద ఒక మెరుపు, దాని వెనక వంపులో ఒక నీడ. బూడిదరంగు నింపిన `Soft Light` లేయర్ మీద తెలుపు, నలుపు బ్రష్‌లతో ఈ మెరుపునీడలను గీస్తారు. ఈ పని చేయకుండా వదిలేస్తే అల తిరిగిన జుట్టు మీద సాఫు జుట్టు మెరుపు మిగిలిపోతుంది. నీళ్లలో వంకరగా కనిపిస్తున్న సాఫు జుట్టులా ఉంటుంది తప్ప అలల జుట్టులా ఉండదు.

చివరగా కొన్ని విడి వెంట్రుకలు. రెండు మూడు పిక్సెళ్ల బ్రష్‌తో, చివరకు సన్నబడేలా, అలల బయట అక్కడక్కడ. అలలు తిరిగిన జుట్టు సాఫు జుట్టులా అచ్చుగుద్దినట్టు అణగి ఉండదు. ఈ విడి పోగులు నుదుటి అంచు నుంచి మాత్రం పుట్టకూడదు. అక్కడ ఒక్కటి గీసినా అది కొత్త కుదురు అయినట్టే.

ఉంగరాల జుట్టును సాఫు చేయడం దీనికంటే కష్టం. అక్కడ బయటి ఆకారం లోపలికి తగ్గుతుంది. అంతవరకు జుట్టు కప్పేసిన చెవులు, మెడ, వెనక గోడ కొత్తగా కనబడాలి, వాటి వివరం ఫొటోలో లేదు. పైగా ఎంతవరకు తగ్గించాలో కళ్లకు తెలియదు. మొదట వేసుకున్న పుర్రె అంచనా ఇప్పుడే అక్కరకొస్తుంది. జుట్టు పైఅంచు పుర్రె గీతకు 60, 70 పిక్సెళ్ల పైనే ఆగాలి. అంతకు తగ్గితే నెత్తి బల్లపరుపుగా మారి, కళ్లు తలలో పైకి వెళ్లిపోయినట్టు కనిపిస్తాయి. చెవులు ఎలా ఉంటాయో తెలియాలంటే జుట్టు వెనక్కి కట్టిన మరో ఫొటో అడగడమే దారి.

కన్ను చేసే మోసం

ఇంత జాగ్రత్తగా చేసినా, పని పూర్తయ్యాక నుదురు పెద్దదైనట్టు అనిపిస్తుంది. ఒక్క పిక్సెల్ కదలలేదని మనకు తెలుసు. అయినా అలా కనిపిస్తుంది. కారణం తేడా తగ్గడం. చామనఛాయ చర్మం పక్కన నల్లజుట్టు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, ముందు వరుసలోని పలచటి వెంట్రుకలు కూడా లెక్కకు వస్తాయి. గోధుమ రంగులోకి మారగానే ఆ పలచటి వెంట్రుకలు చర్మంలో కలిసిపోతాయి. అంచు వెనక్కి జరిగినట్టుంటుంది. నెరసిన జుట్టును నల్లగా చేసినప్పుడు దీనికి తలకిందులు. కణతల మీద అంతకుముందు కనబడని తెల్లవెంట్రుకలు ఒక్కసారిగా నల్లగా తేలి, నుదురు చిన్నదైనట్టు కనిపిస్తుంది.

ఇది లోపం కాదు. నిజంగా రంగు వేయించుకున్నా అలాగే కనిపిస్తుంది. సెలూన్‌లో రంగు లేతపరుచుకున్నాక ‘జుట్టు పలచబడిందా’ అని కంగారుపడే వాళ్లకు వివరణ చాలావరకు ఇదే. ఎడిటర్ ఇక్కడ జాలిపడి అంచును పది పిక్సెళ్లు కిందికి లాగితే, ఫొటో ఆమెకు చెప్పాల్సిన ఒక నిజాన్ని దాచేసినట్టవుతుంది. కంటికి అనిపించినదాన్ని బట్టి కాక కొలతను బట్టి నిర్ణయించాలి.

కొలతకు తేలిక పద్ధతి ఒకటుంది. అసలు ఫొటోను మార్చినదాని మీద పెట్టి, లేయర్ పద్ధతిని `Difference` అని మార్చాలి. రెండూ ఒకటే అయిన చోట బొమ్మ పూర్తి నలుపుగా, తేడా ఉన్నచోట వెలుగుగా కనబడుతుంది. కళ్లు, ముక్కు, నుదురు, దవడ నిఖార్సైన నలుపులో ఉండాలి. జుట్టు మాత్రమే వెలగాలి. నుదుటి మీద ఎక్కడైనా సన్నటి వెలుగు గీత కనిపిస్తే అక్కడ అంచు జరిగిందన్నమాట, లేదా రంగు చర్మానికి అంటిందన్నమాట. దవడ పక్కన కనిపిస్తే `Liquify` లో పూత సరిగా పడలేదు. పాపిట మీద కనిపిస్తే కుంకుమ సంగతి చూసుకోవాలి.

రెండో పరీక్షకు అసలు ఫొటోను, మార్చినదాన్ని ఒకే చోట వెంటవెంటనే మార్చి మార్చి చూడాలి. జుట్టు రంగు మారుతూ ఉండగా ముఖం నిలకడగా ఉండాలి. తల ఊపినట్టు, నుదురు ఎత్తినట్టు అనిపిస్తే ఎక్కడో కదిలింది. మొదట పెట్టుకున్న చుక్కల లేయర్‌ను తెరిచి చూస్తే ఎక్కడో దొరుకుతుంది. ఫోన్ యాప్‌లతో చేసిన ఫొటోకూ ఈ పరీక్ష పనికొస్తుంది. చాలా బ్యూటీ యాప్‌లు జుట్టు రంగు మార్చమంటే దానితోపాటు చర్మం నున్నచేయడం, దవడ సన్నచేయడం కూడా అడగకుండానే చేసేస్తాయి. రెండు ఫొటోలనూ గ్యాలరీలో పక్కపక్కన పెట్టి వేలితో అటూ ఇటూ జరిపితే ఆ సంగతి కొన్ని క్షణాల్లో తేలిపోతుంది.

ఎక్కడికి పనికొస్తుంది, ఎక్కడికి రాదు

ఇలా చేసిన చిత్రం సెలూన్‌కు తీసుకెళ్లడానికి, పాత్ర లుక్ గురించి దర్శకుడితో మాట్లాడుకోవడానికి సరిపోతుంది. గుర్తింపు కోసం ఇచ్చే ఫొటోగా పనికిరాదు. ఉదాహరణకు అమెరికా వీసా నిబంధనలు డిజిటల్‌గా మార్చిన ఫొటోలను ఒప్పుకోవు. నుదురు, తల ఎంత నమ్మకంగా ఉన్నా సరే.

ఫొటో చెప్పలేని సంగతులూ ఉన్నాయి. ఇది ముందునుంచి, ఒకే వెలుతురులో చూసిన చిత్రం. ట్యూబ్‌లైటు కింద అదే గోధుమ రంగు చల్లగా, ఎండలో ఎర్రగా కనిపిస్తుంది. జుట్టు ఎంత తేటపడుతుందో అంతకుముందు వేసిన హెన్నా, డైలను బట్టి మారుతుంది. మంచి ఎడిటర్ ఆ మాటను చిత్రంతోపాటే చెప్పి ఇస్తాడు.

ఎవరైనా ‘నుదురు కొంచెం చిన్నదిగా చూపించండి’ అని అడిగితే అది వేరే పని. జుట్టు నాటించుకుంటేనో, ముందు పాయలు కత్తిరించి నుదుటి మీదికి వదిలితేనో వచ్చే మార్పు అది, రంగుతో వచ్చేది కాదు. రెండింటినీ ఒకే ఫొటోలో కలిపేస్తే, బాగుందనిపించింది రంగు వల్లనా నుదురు వల్లనా అన్నది ఆమెకు ఎప్పటికీ తెలియదు. అడిగిందే చేయాలనుకుంటే రెండు విడి ఫొటోలుగా ఇవ్వాలి. ఒకటి రంగు, అలలు మాత్రమే మారినది. ఇంకొకటి నుదురు కూడా మారినది, దాని కింద ఆ మాట రాసి. డబ్బు పెట్టి సెలూన్‌లో కూర్చునేటప్పుడు ఆమె చేతిలో ఉండాల్సింది మొదటిదే.